చెదల మందు, రంగులు, ఏటా సర్వీసింగ్ ఖర్చులు ఎవరివో రాతపూర్వకంగా తెలపాలని ఫిర్యాదు

అద్దె ఇళ్ల నిర్వహణ విభాగం అధికారి గారికి,

నమస్కారం. మీ సంస్థ నిర్వహిస్తున్న ఇంట్లో మేము మూడేళ్లుగా అద్దెకు ఉంటున్నాము. వచ్చే నెలాఖరుకు ఖాళీ చేస్తామని తెలియజేసినప్పుడు మీ కార్యాలయం పంపిన లెక్కలో చెదల మందు, ఇల్లంతా రంగులు, ఏసీ సర్వీసింగ్ ఖర్చులను మా అడ్వాన్సు నుంచి మినహాయిస్తామని ఉంది. మూడింటికీ మీరు చూపిన ఆధారం ఒప్పందంలోని ఒకే వాక్యం: "చిన్నపాటి నిర్వహణ అద్దెదారు బాధ్యత." ఏది చిన్నపాటిదో ఒప్పందంలో ఎక్కడా లేదు. ఆ లోటును మా అడ్వాన్సుతో పూడ్చడం న్యాయం కాదని ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా చెదల సంగతి. వంటింట్లో బొద్దింకలు చేరితే మందు పెట్టించుకోవడం మా పనే, రెండుసార్లు మా ఖర్చుతోనే పెట్టించుకున్నాము కూడా. చెదలు అలాంటివి కావు. అవి నేలలోంచి గోడ పగుళ్ల గుండా, మట్టి గొట్టాలు కట్టుకుంటూ పైకి వస్తాయి. మా పడకగది ద్వారబంధం పక్కన ఆ గొట్టాలు కనిపించిన రోజే ఫోటోలతో మీకు ఈమెయిలు పంపాను. గోడ, నేల కలిసే చోట రంధ్రాలు చేసి మందు ఎక్కించడం భవనానికి చేసే చికిత్స. ఇంట్లో ఎవరున్నా, ఎంత శుభ్రంగా ఉన్నా ఆ అవసరం తప్పదు కనుక ఆ ఖర్చు యజమానిదేనని మా అభిప్రాయం.

అన్నిటికన్నా పెద్ద మొత్తం రంగులది, అందుకే దాని గురించి కొంత వివరంగా రాస్తున్నాను. మేము చేరినప్పుడు గోడలకు కొత్త రంగు ఉందని అప్పగింత పత్రంలో ఉంది. మూడేళ్లలో ఎండ తగిలే వైపు రంగు వెలిసింది, సోఫా వెనుక గోడకు లీలగా మరక పట్టింది, పటాలు తగిలించిన మేకుల గుర్తులు కొన్ని ఉన్నాయి. ఇవి నివసించడం వల్ల సహజంగా వచ్చే అరుగుదల, నష్టం కాదు. స్నానాల గదిని ఆనుకున్న గోడపై రంగు ఉబ్బి, పొరలుగా రాలి, కింద తెల్లని ఉప్పులాంటి పొడి కనిపిస్తోంది. గోడ లోపలి తడి బయటికి వస్తోందనడానికి అది గుర్తు. లీకేజీ ఆపకుండా ఎన్నిసార్లు రంగు వేసినా అది మళ్లీ రాలుతుంది. దీని గురించి కూడా మీకు ఏడాది క్రితమే రాశాను.

ఇక పిల్లల గదిలో ఒక గోడ నిండా మా అబ్బాయి గీసిన క్రేయాన్ గీతలు ఉన్నాయి. అది మా వల్ల జరిగిన నష్టమే, దాని ఖర్చు తప్పక భరిస్తాము. అతుకు వేస్తే రంగు తేడా తెలుస్తుంది కాబట్టి మూల నుంచి మూల దాకా ఆ గోడంతా వేయాలన్నా ఒప్పుకుంటాము. అయితే ఆ రంగు కూడా మూడేళ్ల పాతది. గోడ రంగు మన్నిక ఐదేళ్లనుకుంటే మిగిలింది రెండేళ్లు, కనుక మా వాటా ఆ ఒక్క గోడ ఖర్చులో ఐదింట రెండు వంతులు. మీరు మన్నికను వేరేగా లెక్కిస్తే అది ఎన్నేళ్లో రాతలో చెప్పండి. పూర్తి ఖర్చు అడగడమంటే తర్వాత వచ్చేవారికి కొత్త రంగును మా డబ్బుతో ఇవ్వడమే అవుతుంది.

ఏసీ ఇంటితో పాటు మీరు ఇచ్చినదే. దాని జాలీని నెలనెలా కడుగుతున్నాము, ఎనిమిది నెలల క్రితం సర్వీసింగ్ చేయించిన రసీదు మా దగ్గర ఉంది. మీ లెక్కలో "సర్వీసింగ్" పేరుతో గ్యాస్ నింపిన ఖర్చు కూడా చేర్చారు. ఏసీలో గ్యాస్ వాడకంతో తరిగిపోయేది కాదు, ఎక్కడో లీకైతేనే తగ్గుతుంది. కనుక అది మరమ్మతు, ఏటా చేసే సర్వీసింగ్‌లో భాగం కాదు.

పదిహేను రోజుల్లోగా ఈ మూడు ఖర్చుల్లో ఏది ఎవరిదో, ఏ కారణంతో ఎవరిదో సంతకంతో కూడిన జవాబు ఇవ్వండి. ఖాళీ చేసే రోజున మీ ప్రతినిధి, మేము కలిసి ఇల్లు చూసి, అప్పగింత పత్రంతో పోల్చి, ఫోటోలతో నివేదిక రాసుకునే ఏర్పాటు చేయండి. అంతవరకు అడ్వాన్సులోంచి ఏ మొత్తమూ మినహాయించవద్దని కోరుతున్నాను. ఈమెయిళ్ల ప్రతులు, ఫోటోలు, సర్వీసింగ్ రసీదు జతచేశాను.

ఇట్లు,
మీ అద్దెదారు