మంత్రిగారూ, 18,600 కోసం ఖాతా మొత్తం ఆపాలా?

సైబర్ నేరాల వ్యవహారాలు చూసే కేంద్ర మంత్రిగారికి,

నేను అనంతపురంలో చీనీకాయల వ్యాపారం చేస్తాను. ఒక మంగళవారం పొద్దున రైతుకు డబ్బు వేద్దామని ఫోన్ తీస్తే పోలేదు, మూడుసార్లు కొట్టినా పోలేదు. బ్రాంచికి వెళ్తే కరెంట్ ఖాతాలో డబ్బు తీయకుండా ఆపేశారన్నారు. అందులో 4 లక్షల పైచిలుకు ఉంది, అంతా రైతులకు ఇవ్వాల్సిందే. నాకు ఒక మెసేజ్ కూడా రాలేదు సార్.

ఎందుకో చెప్పించుకోవడానికే నాలుగు రోజులు పట్టింది. నోటి మాట కాదు, రాసివ్వండి అని అర్జీ పెడితే అప్పుడిచ్చారు: ఫిర్యాదు నంబరు, ఏ రాష్ట్రం ఏ స్టేషన్, ఎంత మొత్తం. ఎవరినో మోసం చేసి కొట్టేసిన డబ్బు మూడు ఖాతాలు మారి, అందులో 18,600 నా దగ్గరికి వచ్చిందట. నేను ఆ మోసగాడి మొహం కూడా చూడలేదు. నాకు పంపింది పాత బాకీ తీర్చిన ఒక పండ్ల వ్యాపారి, అదీ "మా బావమరిది ఫోన్ నుంచి వేస్తున్నా" అంటూ.

చిక్కంతా అక్కడే. బిల్లు ఒకరి పేరున ఉంది, డబ్బు ఇంకొకరి పేరుతో వచ్చింది. వట్టి బిల్లు పంపితే ఎవరు నమ్ముతారు? అదృష్టం బాగుండి ఆయన వాట్సాప్‌లో పెట్టిన స్క్రీన్‌షాట్ నేను తీసేయలేదు. అందులో ఆ చెల్లింపును గుర్తించే 12 అంకెల యూటీఆర్ నంబరు, నా స్టేట్‌మెంట్‌లోది, బ్యాంకు ఇచ్చిన కాగితంలోది, మూడూ ఒకటే. ఆ అంకెల కింద గీత గీసి, బిల్లు, కాటా చీటీ, లారీ రసీదు జత చేసి దర్యాప్తు అధికారికి ఈమెయిల్‌లో పంపాను, రిజిస్టర్ పోస్టులో కూడా వేశాను, కాపీ బ్యాంకుకి ఇచ్చాను. డబ్బంతా వదలండి అని అడగలేదు. వివాదంలో ఉన్న 18,600 ఆపుకోండి, మిగతాది వదలండి అన్నాను, అంతే. ఆ మాటే పని చేసిందనుకుంటా. 23వ రోజున ఆయన బ్యాంకుకి రాస్తే మిగతా డబ్బు వదిలారు. ఈలోపు నా చెక్కులు రెండు బౌన్సయ్యాయి, వాటి చార్జీలు నాకే.

18,600 ఇంకా అక్కడే ఉంది. దానికి మేజిస్ట్రేట్ కోర్టులో అర్జీ వేసుకోవాలట, అదీ ఆ రాష్ట్రంలోనే. పోనురాను ఖర్చు, వకీలు ఫీజు కలిపితే ఆ డబ్బు అందులోనే పోతుంది.

కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 106వ సెక్షన్ కింద ఆస్తి స్వాధీనం చేసుకుంటే పోలీసులు వెంటనే మేజిస్ట్రేటుకి తెలపాలి. మా విషయంలో తెలిపారో లేదో, ఆ కాపీ నాకు ఇప్పించండి. ఇక ముందు ఎవరి ఖాతా ఆపినా ఫిర్యాదు నంబరు, స్టేషన్ పేరు, మొత్తం ఎంతో అదే రోజు మెసేజ్ వచ్చేలా చూడండి, ఆపేది కూడా ఆ మొత్తం వరకే ఆపమనండి. మేము పంపిన కాగితాలకు ఎన్ని రోజుల్లో జవాబివ్వాలో ఒక గడువు పెట్టండి.

ఇట్లు,
అనంతపురం చీనీకాయల వ్యాపారి