పాల ప్యాకెట్ డబ్బులు కాపాడాయి: ఎమర్జెన్సీలో ఉన్న సిస్టర్ గారికి కృతజ్ఞతలు

ఎంవీపీ కాలనీలో ఉంటాం. పోయిన నెల ఒకరోజు పొద్దున్న 6:10కి నాన్న బాత్రూమ్ గడప దగ్గర కూలబడి ఉన్నారు, మూతి ఎడమకి లాగేసింది, కుడి చెయ్యి ఎత్తమంటే లేవట్లేదు, మాట ముద్దముద్దగా వస్తోంది. 108లో ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి 6:55.

అక్కడి సిస్టర్ గారు ముందు వేలికి సూది గుచ్చి షుగర్ చూశారు (షుగర్ పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే కనిపిస్తుందట). ఆ వెంటనే, "ఎప్పుడు పడ్డారు?" అని కాదు, "ఆఖరిసారి బాగా ఉండగా ఎవరు చూశారు, ఎన్నింటికి?" అని అడిగారు. రాత్రి 10కి పడుకున్నారని అమ్మ చెప్పింది. అదే రాసుకుంటే టైమ్ అక్కడి నుంచే లెక్క, అంటే అప్పటికే తొమ్మిది గంటలు, మెదడులో రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి మామూలుగా ఇచ్చే గడువేమో నాలుగున్నర గంటలే. ఆవిడ వదల్లేదు. "పొద్దున్నే తలుపు ఎవరు తీశారమ్మా, పాలు ఎవరు తీసుకున్నారు?" అన్నారు. నాన్న ఫోన్ తీసి చూస్తే పాలబ్బాయికి డబ్బులు పంపిన మెసేజ్, 5:42. ఆ అబ్బాయికి ఫోన్ చేస్తే, చిల్లర లెక్క దగ్గర నాన్న తనతో వాదించారని కూడా చెప్పాడు! అంటే 5:42కి నాన్న బాగానే ఉన్నారు, టైమ్ ఇక అక్కడి నుంచే లెక్క.

ఈలోగా మా బావగారు, తలనొప్పి లేదు కాబట్టి రక్తం గడ్డే అయ్యుంటుంది, ఆస్పిరిన్ వేసేద్దాం అన్నారు. సిస్టర్ గారు ఆయన చేతిలోని మాత్రతోపాటు అమ్మ చేతిలోని నీళ్ళ గ్లాసు కూడా పక్కన పెట్టించారు. మింగగలరో లేదో పరీక్షించకుండా చుక్క నీరు పోసినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఇక మాత్ర సంగతి, మెదడులో చిన్న రక్తస్రావమైతే తలనొప్పి, వాంతులు లేకుండానే రావచ్చు, సీటీ స్కాన్ తీసేదాకా బయటినుంచి ఎవరూ తేల్చలేరు, రక్తం కారుతుంటే ఆస్పిరిన్ దాన్ని ఇంకా పెంచుతుంది.

బీపీ 178/100 ఉంది. తగ్గించరేంటని నాకు ఒకటే టెన్షన్. సిస్టర్ గారు సెలైన్ పెడుతూనే చెప్పారు: రక్తనాళం మూసుకుపోతే దాని చుట్టుపక్కల మెదడుకి ఆ ప్రెషర్ వల్లే కాస్త రక్తం అందుతుంది, తొందరపడి దించితే నష్టం, ఇంజెక్షన్ ఇవ్వాలంటే మాత్రం 185/110 కంటే తక్కువుండాలి, మీ నాన్నగారికి ఉంది. అదే రక్తస్రావమైతే పైఅంకెని జాగ్రత్తగా 140 దరిదాపులకి తెస్తారు, ఇంజెక్షన్ ఊసే ఉండదు.

సీటీలో రక్తం లేదు. 7:40కి డాక్టర్ గారు చెప్పగానే మందు ఎక్కించారు. తర్వాత రెండు గంటలు ప్రతి 15 నిమిషాలకీ ఆవిడ వచ్చి బీపీ చూడటం, చేతులు ఎత్తించడం, పేరు అడగడం. కొత్తగా తలనొప్పి, వాంతి వస్తే అరిచి పిలవమన్నారు, కరిగించే మందు వల్ల లోపల రక్తం కారొచ్చని.

నాన్న కుడి చేత్తో ఇప్పుడు గ్లాసు పట్టుకుంటున్నారు, చొక్కా బొత్తాలు మాత్రం ఇంకా అమ్మే పెడుతోంది. సిస్టర్ గారూ, పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు. పాలబ్బాయికి బాకీ ఉన్న మూడు రూపాయలు నాన్న ఇచ్చేశారు.