పట్టా ఒకరిది, అనుభవం మరొకరిది

సంపాదకుడు గారికి,

దేశాల సరిహద్దు తగాదాలపై మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ఎక్కడ ఎవరి పాలన నడుస్తుంటే ఆ నేల వాళ్లదే అన్నట్టు రాశారు. అంతర్జాతీయ న్యాయస్థానం అలా చూడదు.

వలస పాలన నుంచి బయటపడిన దేశాలకు 'ఉటి పొసిడెటిస్' అనే సూత్రం ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన రోజున ఉన్న గీతే సరిహద్దు. ఆ రోజు నేలను ఫొటో తీసి పెట్టుకోవడం లాంటిదని 1986లో బుర్కినా ఫాసో, మాలి కేసులో తీర్పు చెప్పింది. హక్కు పత్రం ఒకరి దగ్గర, పాలన మరొకరి చేతిలో ఉంటే పత్రానిదే పైచేయి అనీ అందులోనే తేల్చారు. పత్రమే లేనప్పుడు, లేదా ఉన్నా గీత ఎటు పోతుందో అందులో స్పష్టంగా లేనప్పుడు పాలన లెక్కలోకి వస్తుంది.

చాద్ సరస్సు సంగతే చూడండి. నీరు తగ్గేకొద్దీ నైజీరియా జాలర్లు దాని వెంటే కదిలారు. ఆరిన నేలమీద దరక్ లాంటి ఊళ్లు వెలిశాయి. ఆ వెనకే నైజీరియా బడులు, వైద్యశాలలు, పోలీసులు వచ్చారు. 1931లో బ్రిటన్, ఫ్రాన్స్ ఒప్పుకున్న గీత ప్రకారం ఆ ఊళ్లు కామెరూన్ వైపున్నాయి. సుమారు ఇరవై ఏళ్లుగా మేమే ఉన్నాం కదా అని నైజీరియా వాదించింది. ఆ ఇరవై ఏళ్లు ఏ లెక్కన చూసినా చాలవని 2002లో కోర్టు కొట్టేసింది. అయితే అసలు ప్రశ్న ఏళ్లది కాదు. హక్కుదారు అయిన కామెరూన్ దీనికి ఒప్పుకుందా? ఒప్పుకోలేదు. 1994లో నిరసన తెలిపింది, ఆ ఏడాదే కోర్టుకెక్కింది. నేల కామెరూన్‌దే అయింది.

హక్కుదారు నోరు విప్పకపోతే మాత్రం కథ వేరు. పెడ్రా బ్రాంకా అనే చిన్న రాతి దీవి మొదట ఇప్పటి మలేసియాలోని జొహోర్ సుల్తాన్‌దేనని 2008లో కోర్టు ఒప్పుకుంది. అయినా దాన్ని సింగపూర్‌కే ఇచ్చింది. దీవి మీద యాజమాన్యం కోరడం లేదని 1953లో జొహోర్ అధికారి ఒకరు సింగపూర్‌కు జవాబు రాసి ఉన్నారు. ఒక్క ఉత్తరం! ఆ తర్వాత సింగపూర్ అక్కడ ఓడ ప్రమాదాలపై విచారణలు జరిపినా, సైనిక సమాచార పరికరాలు పెట్టినా మలేసియా అడ్డు చెప్పలేదు.

తేదీ కూడా ముఖ్యమే. 1979లో మలేసియా ఆ దీవిని తనదిగా చూపిస్తూ మ్యాప్ వేసింది. 1980 ఫిబ్రవరిలో సింగపూర్ అభ్యంతరం చెప్పింది. వివాదం అలా బయటపడ్డాక చేసిన పనులకు, అవి పాతవాటి కొనసాగింపు అయితే తప్ప, కోర్టులో విలువ ఉండదు. తగాదా మొదలయ్యాక హడావిడిగా కట్టే చెక్‌పోస్టులను మీ వ్యాసం గట్టి సాక్ష్యంగా చూపింది. అవి ఈ కోవలోకే వస్తాయి.

భవదీయుడు,
ఒక పాఠకుడు