బీమా కంపెనీ కట్టినా బాకీ యజమానిదే

జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి గారికి నమస్కారం.

లైసెన్స్ లేని కుర్రాడికి ఆటో ఇచ్చాడు మా పక్కింటాయన. అది గుద్దడంతో దారిన పోయే కూలీ కాలు విరిగింది. లైసెన్స్ లేదు కాబట్టి పరిహారం కట్టేది లేదంది బీమా కంపెనీ. ట్రిబ్యునల్ ఒప్పుకోలేదు. పాలసీ అమల్లో ఉంది, ముందు కూలీకి 4 లక్షలు వడ్డీతో కట్టి, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోమంది. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చూపిన దారే ఇది. యజమాని తప్పును కంపెనీయే రుజువు చేయాలి. అది తేలాక వసూలుకు వేరే దావా అక్కర్లేదు, అదే తీర్పుపై అమలు పిటిషన్ చాలు.

పక్కింటాయనకు జప్తు నోటీసు వచ్చాకే టెన్షన్ మొదలైంది. ఇన్సూరెన్స్ వాళ్లే చూసుకుంటారని ఆయన అసలు కోర్టుకే వెళ్లలేదు మరి!

సమన్లతో పాటే ఈ సంగతి తెలుగులో ఒక కాగితం మీద యజమానులకు అందేలా చూడండి.