ఖరాజ్ ప్రశ్నలకు తప్పు కీ: పరీక్షల అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పరీక్షల నియంత్రణాధికారి గారికి,

చరిత్ర పాఠాలు చెప్పే మేము కొందరం కలిసి రాస్తున్న ఉత్తరమిది. తుది కీ వచ్చేసింది. మధ్యయుగ చరిత్రలో ఖరాజ్ అనే భూమి పన్ను మీద అడిగిన రెండు ప్రశ్నలకూ తప్పు జవాబులే ఖాయమయ్యాయి. అభ్యంతరాలు పంపాం, ఆధారాలు జతచేశాం, ప్రశ్నకింత అని రుసుమూ కట్టాం. ప్రతి అభ్యంతరానికీ కారణం చూపి జవాబిస్తామన్నది మీ ప్రకటనలోని మాటే. మాకు వచ్చిన జవాబు మాత్రం ‘పరిశీలించి తిరస్కరించడమైనది’ అన్న ఒక్క ముక్క. మీ నిపుణులు ఏం పరిశీలించారో మాకు తెలియదు కాబట్టి, పరిశీలించాల్సిందేమిటో ఇక్కడ రాస్తున్నాం.

మొదటి ప్రశ్న: రైతు ఇస్లాం స్వీకరిస్తే అతని భూమి మీది ఖరాజ్ ఏమవుతుంది? మీ కీ ‘రద్దవుతుంది’ అంటోంది. అయ్యా, రద్దయ్యేది జిజియా. అది ముస్లిమేతరుడి తల మీద పన్ను. ఖరాజ్ భూమిని అంటిపెట్టుకుని ఉంటుంది. దున్నేవాడి మతం మారినా, భూమి చేతులు మారినా అది పోదు.

లెక్క వేసి చూడండి. ఇరాక్‌లోని సవాద్ మైదానంలో ఒక రైతుకు 10 జరీబుల గోధుమ పొలం ఉందనుకుందాం. ఖలీఫా ఉమర్ కాలపు రేట్లను వేర్వేరు కథనాలు వేర్వేరుగా చెప్తాయి. గోధుమకు జరీబుకు 4 దిర్హాములన్న కథనాన్ని తీసుకుంటే ఖరాజ్ 40 దిర్హాములు. జిజియాను హనఫీ న్యాయవేత్తలు సంపన్నుడికి ఏడాదికి 48, మధ్యతరగతికి 24, కష్టం చేసుకుని బతికే పేదకు 12 దిర్హాములుగా పెట్టారు. మన రైతు మధ్యతరగతి వాడైతే మొత్తం 64. అతను మతం మారాడు. 24 పోతాయి, 40 అలాగే ఉంటాయి. ఆ పొలాన్ని ఒక అరబ్బు ముస్లిం కొన్నాడు. ఇప్పుడు ఆ 40 అతను కట్టాలి. ముస్లింలు పంట మీద ఇచ్చే పదో వంతు, అంటే ఉష్ర్, దానికి తోడవుతుందా అన్నదే న్యాయవేత్తల మధ్య అసలు తగాదా. రెండూ కలవవని అబూ హనీఫా, రెండూ కట్టాల్సిందేనని షాఫియీ అన్నారు. ఖరాజే రద్దవుతుందన్నది ఈ ఇద్దరి మాటా కాదు, మీ కీ మాట.

ఎందుకలా అన్నారో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. సవాద్‌ను గెలిచిన సైనికులు యుద్ధంలో దొరికిన సొమ్ములాగే ఆ భూమినీ తమకు పంచమన్నారు. ప్రవక్త సహచరుడు బిలాల్ అయితే గట్టిగా పట్టుబట్టారు. ఉమర్ ఒప్పుకోలేదు. ఇప్పుడే పంచేస్తే తర్వాత వచ్చేవాళ్లకు మిగిలేదేమిటి, సరిహద్దుల్లో కాపలా ఉండే సైన్యానికి జీతాలు ఎక్కణ్ణుంచి తేవాలి అన్నది ఆయన వాదన. ఖురాన్ 59వ సూరాలో ‘వారి తర్వాత వచ్చినవారు’ అన్న మాటను ఆధారంగా చూపారు. భూమిని పాత రైతుల చేతిలోనే ఉంచి, దాని మీద ఖరాజ్ వేశారు. అంటే ఆ ఆదాయం పుట్టబోయే తరాలకు కూడా చెందిన ఉమ్మడి సొత్తు. ఒక రైతు మతం మారాడని ఉమ్మడి సొత్తు ఎలా పోతుంది?

జిజియాకు చెప్పిన కారణం వేరు. అందులోనూ అందరిదీ ఒకే మాట కాదు. రక్షణకు బదులని కొందరు, ఆ నేల మీద ఉండనిచ్చినందుకని కొందరు, లొంగుబాటుకు గుర్తని మరికొందరు అన్నారు. మొదటి వాదనకు బలమైన ఉదాహరణ సిరియాలోని హిమ్స్ పట్టణం. బైజాంటియం సైన్యం మీదికి వస్తున్నప్పుడు, మిమ్మల్ని కాపాడలేకపోతున్నామని చెప్పి వసూలు చేసిన సొమ్ము అక్కడివాళ్లకు తిరిగి ఇచ్చేశారని చరిత్రకారుడు బలాజురీ రాశాడు. కారణం ఏదైనా అది మనిషి హోదాకు కట్టినది, హోదా మారితే పోతుంది. ఈ తేడా ఊరికే రాలేదు. అల్-హజ్జాజ్ ఇరాక్ గవర్నరుగా ఉన్నప్పుడు మతం మారిన రైతులు ఊళ్లు వదిలి పట్నాలకు చేరడంతో ఖజానా పడిపోయింది. ఆయన వాళ్లను ఊళ్లకు తరిమి, జిజియా కూడా గుంజాడు. 717లో ఖలీఫా అయిన రెండో ఉమర్ అది అన్యాయమని ఆపించాడు. తల పన్ను పోవాలి, భూమి పన్ను నిలవాలి అన్న సూత్రం ఇలాంటి చిక్కుల్లోంచే గట్టిపడింది.

ఇక రెండో ప్రశ్న. ‘ఉమర్ నిర్ణయించిన ఖరాజ్ రేట్లను మార్చరాదని అబూ యూసుఫ్ వాదించాడు’ అన్నది మీ లెక్కలో ఒప్పు. పాపం అబూ యూసుఫ్! ఖలీఫా హారూన్ అల్-రషీద్ కోరితే ఈ హనఫీ న్యాయవేత్త రాసిన గ్రంథంలో ఉన్నది దీనికి సరిగ్గా తలకిందులు.

జరీబుకింత నగదు అని కట్టేస్తే ఏమవుతుందో ఆయన విడమరచి చెప్పాడు. బీడుపడిన నేలను కూడా కొలతలో కలిపేస్తారు. ధాన్యం ధర పడిపోతే రైతు మునుగుతాడు, పెరిగితే ఖజానాకు రావాల్సింది రాదు. అందుకే పంటలో పాలు తీసుకోమన్నాడు. కాలువ పారకం కింద గోధుమ, బార్లీలకు 5లో 2 వంతులు, నీరు తోడి పండిస్తే 10లో 3 వంతులు, తోటలకు మూడో వంతు, వేసవి పంటలకు నాలుగో వంతు. 100 కొలతల గోధుమ పండితే కాలువ రైతు 40 ఇస్తాడు, తోడుకునే రైతు 30 ఇస్తాడు. మన దగ్గర ఏతం ఎత్తినవాళ్లకు, మోట తోలినవాళ్లకు ఆ 10 కొలతల తేడా దేనికో చెప్పక్కర్లేదు. పంట పోతే పాలూ లేదు.

మరి ఉమర్ రేటును మార్చే అధికారం ఎక్కడిది? ఉమర్ ప్రశ్నలోంచే దాన్ని తీశాడు అబూ యూసుఫ్. సవాద్‌ను కొలిచి వచ్చిన ఉస్మాన్ ఇబ్న్ హునైఫ్, హుజైఫా ఇద్దరినీ, భూమి మోయలేనంత వేశారేమోనని ఉమర్ అడిగారు. మోయగలిగినంతే వేశామని వాళ్లన్నారు. అంటే రేటు భూమి సత్తువ మీద ఆధారపడిందని ఉమరే ఒప్పుకున్నట్టు. సత్తువ తగ్గితే రేటూ తగ్గాలి. ఇంత నేర్పుగా అల్లిన వాదనను తిరగేసి, ఆయన పేరుకే అంటగట్టారు.

ఇదే గ్రంథంలో మీరు చూడదగ్గ భాగం మరొకటుంది. రైతు దగ్గర కొలతగాడి కూలి, కాగితం ఖర్చు లాంటివి పన్నుకు అదనంగా వసూలు చేయొద్దని అందులో ఉంది. పన్ను గుత్తకిస్తే గుత్తేదారు ఊళ్లను పీల్చేస్తాడనీ, కోసిన ధాన్యాన్ని కళ్లాల్లోనే నెలల తరబడి ఆపొద్దనీ హెచ్చరిక ఉంది. తప్పు మీదైనా దాన్ని చూపినందుకు ప్రశ్నకింత అని మా దగ్గర తీసుకున్న రుసుము గురించి ఆయన ఏమనేవాడో మీ ఊహకే వదిలేస్తున్నాం.

ఇవి బాగ్దాద్ సంగతులు, మనకెందుకు అని కూడా మీ కార్యాలయంలో ఒకరన్నారట. ఔరంగజేబు గుజరాత్ దివాన్‌కు పంపిన ఫర్మానా ఒకసారి చూడండి. నేలకింత అని కట్టేసిన ఖరాజ్, పంటలో వంతుగా తీసుకునే ఖరాజ్ అన్న ఈ హనఫీ విభజనే అందులో ఉంది. 1679లో ఆయన మళ్లీ వేసిన జిజియా కూడా ఆ మూడు తరగతుల పద్ధతిలోనిదే. సిలబస్‌లో పెట్టింది మీరే కదా!

కాబట్టి కీ మార్చండి. మార్చలేమంటే ఆ రెండు ప్రశ్నలనూ తొలగించి అందరికీ మార్కులు కలపండి. అదీ కుదరదంటే కనీసం మీ నిపుణులు ఏ గ్రంథం, ఏ పుట చూసి ఆ జవాబులు ఖాయం చేశారో ప్రకటించండి. సరిగ్గా చదివి సరిగ్గా రాసినవాళ్లు రెండు మార్కులు పోగొట్టుకున్నారు, పైగా తప్పుకు కోత మార్కులు కూడా పడ్డాయి. నియామకాల జాబితా వెలువడేలోపు జవాబు ఇప్పించండి. ఆ తర్వాత ఇచ్చినా వాళ్లకు ఉపయోగం లేదు.

ఇట్లు,
చరిత్ర బోధకులు కొందరు