నా నంబరుకు వైఫై కాలింగ్ ఆన్ చేయకుండానే ఫిర్యాదును మూసేయడం గురించి

వినియోగదారుల ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

అయ్యా,

నేను మీ పోస్ట్‌పెయిడ్ కస్టమర్‌ని. కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంటు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటున్నాం. నా మొబైల్ నంబరు, మూసేసిన ఫిర్యాదు డాకెట్ నంబరు ఈ ఉత్తరంతో జతచేశాను.

మా నాన్నగారికి డయాలసిస్ జరుగుతోంది. స్లాట్ మారితే ఆసుపత్రి వాళ్లు నా నంబరుకే ఫోన్ చేస్తారు. ఆయన పడుకునే గదిలో నేనుంటే ఆ ఫోన్ రాదు. వచ్చినా మాట ముక్కలుముక్కలుగా వినిపించి కట్ అయిపోతుంది. ఫోన్లో About phone కింద SIM status తెరిచి చూస్తే బాల్కనీలో సిగ్నల్ -92 డీబీఎం, ఆ గదిలో -118 డీబీఎం. ఆ 26 తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ, బాల్కనీకి అందే సిగ్నల్ బలంలో దాదాపు నాలుగు వందల వంతుల్లో ఒక్క వంతే గదిలోకి వస్తోందని దాని అర్థం. చుట్టూ అపార్ట్‌మెంట్లు, మధ్యలో కాంక్రీటు గోడలు. దీనికి మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, మా ఇంటి కోసం టవరు వేయమనీ అడగడం లేదు. ఇలాంటి ఇళ్లకోసమే, టవరు సిగ్నల్‌కు బదులు ఇంటి వైఫై మీద కాల్ నడిపే వైఫై కాలింగ్ ఉంది. అది నా నంబరుకు పనిచేయడం లేదన్నదే నా ఫిర్యాదు.

ఫోన్లో Wi-Fi calling ఆన్‌లోనే ఉంది. Calling preference లో Call over Wi-Fi ఎంచుకున్నాను. అయినా ఫోన్ ఆ బలహీనమైన 4జీనే పట్టుకుని వేలాడుతోంది. అసలు లోపం ఎక్కడుందో తేల్చుకోవడానికి ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, వైఫై ఒక్కటే ఆన్ చేసి కాల్ చేశాను. టవరుతో సంబంధం పూర్తిగా తెగిపోతుంది కాబట్టి, అప్పుడు కాల్ వెళితే వైఫై మీదే వెళ్లినట్టు. కాల్ వెళ్లలేదు. పైన VoWiFi గుర్తూ రాలేదు.

మీ ప్రతినిధి తప్పు బ్రాడ్‌బ్యాండ్ వాళ్ల రౌటర్‌దన్నారు. రౌటర్ యూడీపీ 500, 4500 పోర్టులను ఆపేస్తే వైఫై కాలింగ్ ఆగిపోతుందన్న మాట నిజమే. అందుకే మా తమ్ముడి సిమ్ తీసి నా ఫోన్లో వేశాను. అదీ మీ కంపెనీ సిమ్మే. అదే ఫోను, అదే రౌటరు, అదే గది, ఎయిర్‌ప్లేన్ మోడ్ అలాగే ఉంది. కాసేపట్లో VoWiFi గుర్తు వచ్చింది, కాల్ స్పష్టంగా మాట్లాడాను. నా సిమ్ మళ్లీ వేస్తే గుర్తు పోయింది. మా ఆఫీసు వైఫైలోనూ నా సిమ్‌కు ఇదే పరిస్థితి. ఇక ఫోన్ మోడల్‌నో రౌటర్‌నో అనడానికి వీల్లేదు. మీ సర్వర్లో నా నంబరు వరకే ఈ సేవ తెరిచి ఉండకపోవాలి. నేను వేరే కంపెనీ నుంచి పోర్ట్ అయి వచ్చాను. అప్పుడే ఇది తప్పిపోయి ఉంటుందని నా అనుమానం.

ఇదంతా చెప్పాక మీ ప్రతినిధి ఇచ్చిన సలహా నన్ను ఎక్కువ బాధపెట్టింది. కాల్స్‌ను 4జీ మీదే నడిపే వోల్టీని ఆఫ్ చేసి చూడమన్నారు. దయచేసి ఈ సలహా ఎవరికీ ఇవ్వనివ్వకండి. వోల్టీ ఆపేస్తే ప్రతి కాల్‌కూ ఫోన్ 4జీ నుంచి 2జీకి దిగాలి. కాల్ కలవడం ఆలస్యమవుతుంది, మాట్లాడుతున్నంతసేపూ ఇంటర్నెట్ ఆగిపోతుంది. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. వైఫై మీద మాట్లాడుతూ గేటు దాటితే, కాల్‌ను తెగకుండా అందుకోవాల్సింది వోల్టీయే. అది ఆఫ్‌లో ఉంటే వైఫై అందనంత దూరం వెళ్లగానే కాల్ తెగుతుంది. రెండూ ఆన్‌లో ఉంటేనే ఈ ఏర్పాటుకు అర్థం. ఆసుపత్రి నుంచి కాల్ వస్తే మాట్లాడుతూనే నాన్నగారిని బండి దగ్గరికి తీసుకెళ్లేవాడికి ఇది చిన్న విషయం కాదు.

ఆ తర్వాత ‘మీ ప్రాంతంలో నెట్‌వర్క్ బాగుంది, ఫిర్యాదు పరిష్కరించాం’ అని మెసేజ్ వచ్చింది. రోడ్డు మీద నెట్‌వర్క్ బాగుందని నేనే చెప్పాను. నేనడిగింది నా నంబరు సంగతి. దాన్ని ఎవరూ తెరిచి చూసినట్టు లేదు.

కాబట్టి డాకెట్‌ను తిరిగి తెరవండి. కాల్ సెంటర్‌కు కాకుండా సాంకేతిక విభాగానికి పంపి, నా నంబరుకు వోల్టీతో పాటు వైఫై కాలింగ్ కూడా ఆన్ అయి ఉందో లేదో చూపించండి. లేకపోతే ఆన్ చేసి, ఏం సరిచేశారో రాతపూర్వకంగా చెప్పండి. నేను ఫోన్ రీస్టార్ట్ చేసి, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో మళ్లీ పరీక్షించి, అది పనిచేసిందని చెప్పాకే ఫిర్యాదు మూయండి. మీ యాప్‌లో ప్రతి కస్టమర్‌కూ తన నంబరుకు వైఫై కాలింగ్ ఉందో లేదో కనిపించే ఏర్పాటు కూడా చేయండి. ఫోన్లో స్విచ్ ఆన్‌లో కనిపిస్తున్నా మీ వైపు సేవ తెరిచి లేదని మామూలు మనిషికి తెలిసే దారి ఇప్పుడు లేదు.

మళ్లీ ఇలాగే మూసేస్తే ట్రాయ్ నిబంధనల ప్రకారం మీ అప్పిలేట్ అథారిటీకి వెళతాను. రెండు సిమ్‌లతో ఆ గదిలో తీసిన స్క్రీన్‌షాట్లు జతచేశాను.

ఇట్లు,
మీ పోస్ట్‌పెయిడ్ వినియోగదారుడు,
కూకట్‌పల్లి, హైదరాబాద్