పొదుపు సంఘం వార్షిక నివేదిక, 2024-25: వడ్డీ, నిల్వ, మిగులు పంపకం

అక్కాచెల్లెళ్లందరికీ నమస్కారం. 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు మన సంఘం లెక్కలు ఇవి. పోయినేడు "ఇంత వచ్చింది, మనిషికి ఇంత" అని రెండు ముక్కల్లో తేల్చేశాను. దాంతో ఏడాదంతా గుసగుసలే. అందుకే ఈసారి లెక్క ఎలా వచ్చిందో, మధ్యలో నేను ఎక్కడ తప్పు రాశానో కూడా చెబుతున్నాను. కాస్త ఓపిగ్గా వినండి.

మీటింగులు పన్నెండూ జరిగాయి. జులైలో మాత్రం వాన వల్ల 10వ తేదీకి బదులు 14న కూర్చున్నాం. అక్టోబరులో ఒక కొత్త సభ్యురాలు చేరడంతో పదకొండు మందిమి పన్నెండు మందిమి అయ్యాం. పాత బ్యాంకు లింకేజీ అప్పు పోయినేడే తీరిపోయింది, ఈ ఏడు కొత్తది తీసుకోలేదు. కాబట్టి కింద ఉన్నదంతా మన సొంత డబ్బు లెక్కే.

ఏడాది మొదట్లో మన పొదుపు మనిషికి 7,200 చొప్పున పదకొండు మందికి 79,200. అందులో 68,000 సభ్యుల దగ్గర అప్పుగా, 10,700 బ్యాంకులో, 500 పెట్టెలో ఉన్నాయి. ఆ తర్వాత ఏడాది జమాఖర్చు ఇలా నడిచింది:

జమ: పొదుపు 27,600. తిరిగి వచ్చిన అసలు 81,500. అంతర్గత అప్పుల మీద వడ్డీ 10,410. బ్యాంకు ఖాతా వడ్డీ 320. ఫైన్లు 170.
ఖర్చు: ఇచ్చిన అప్పులు 1,12,000. పుస్తకాలు, పెన్నులు 340. బ్యాంకుకు ఆటో 560.
మార్చి 31న నిల్వ: బ్యాంకులో 17,800, పెట్టెలో 500.

ఇప్పుడు సభ్యుల దగ్గర ఉన్న అప్పు 98,500. ఈ అప్పు, బ్యాంకు నిల్వ, పెట్టెలో డబ్బు మూడూ కలిపితే 1,16,800 అవుతుంది. ఇటువైపు చూస్తే మన పొదుపు 1,06,800, మిగులు 10,000, అదీ 1,16,800. రెండు వైపులా సరిపోయింది కదా అని నివేదిక ఇక్కడే ముగించొచ్చు. కానీ సరిపోయిన లెక్కలోనూ తప్పు దాక్కుంటుందని ఈ ఏడు నాకు బాగా తెలిసొచ్చింది.

మొదటిది వడ్డీ. మన తీర్మానం ప్రకారం నూటికి నెలకు రూపాయి వడ్డీ, అదీ మిగిలిన అసలు మీదే. పదివేలు తీసుకుని నెలకు వెయ్యి చొప్పున పది వాయిదాల్లో తీర్చే మనిషి మొదటి నెల 100, రెండో నెల 90, మూడో నెల 80 ఇలా తగ్గించుకుంటూ కడుతుంది. చివరి నెల 10తో ముగుస్తుంది. మొత్తం వడ్డీ 550. మిగిలిన అసలు చూడకుండా మొదట తీసుకున్న పదివేల మీదే ప్రతి నెలా వేస్తే 1,000 అవుతుంది. పేరుకు రూపాయి వడ్డీయే, కట్టేది మాత్రం దాదాపు రెట్టింపు.

నేను సరిగ్గా ఆ తప్పే చేశాను. ఏప్రిల్‌లో పదివేలు తీసుకున్న ఒక అక్క పేజీలో మే నుంచి సెప్టెంబరు దాకా ప్రతి నెలా 100 రాసుకుంటూ పోయాను. అలవాటుగా పై గడిలో ఉన్న అంకె కిందకు దించేశాను, అంతే. ఇంటర్ చదివే వాళ్లమ్మాయి పాసుపుస్తకం చూసి, "అప్పు తగ్గుతుంటే వడ్డీ తగ్గదేంటమ్మా?" అని అడిగిందట. ఐదు నెలలకు రావాల్సింది 400, మనం తీసుకున్నది 500. మిగతా పేజీలూ తిరగేస్తే మరో ఇద్దరి దగ్గర 90, 70 ఎక్కువ పట్టాం. అక్టోబరు మీటింగులో మూడు వోచర్లు రాసి 260 రూపాయలు వెనక్కి ఇచ్చాం. పాత అంకెలు కొట్టేయలేదు, దిద్దలేదు. పైన చూపిన 10,410 ఈ 260 తీసేసిన తర్వాతదే.

ఇది ఎవరైనా పట్టుకోగల తప్పు. అప్పుల లెడ్జర్లో నిల్వ గడి కిందకు తగ్గుతూ, పక్కన వడ్డీ గడి కదలకుండా ఉందంటే ఏదో తేడా ఉందన్నమాట. వాయిదా కట్టని నెలలో వడ్డీ మారదు, అది వేరు.

రెండోది జనవరి మీటింగు. డబ్బు లెక్కపెడితే నగదు పుస్తకం కన్నా 180 తక్కువ వచ్చింది. మూడుసార్లు లెక్కపెట్టాం. ఒకరి మొహం ఒకరు చూసుకోలేక అందరం టెన్షన్ పడ్డాం. రెండో లీడరు తన జేబులోంచి వేస్తానంది, వద్దన్నాం. అలా వేస్తే పెట్టె సరిపోతుంది కానీ తప్పు పుస్తకంలోనే మిగిలిపోతుంది, ఆర్నెల్లకు ఎవరి పాసుపుస్తకంలోనో మళ్లీ పైకి తేలుతుంది.

అప్పుడు గుర్తొచ్చింది, తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడితే ముందు తిరగబడిన అంకెల కోసం వెతకాలని. 180ని తొమ్మిదితో భాగిస్తే సరిగ్గా 20. ఆ రోజు వడ్డీ వసూళ్లు మాత్రం తీసి పాసుపుస్తకాలతో పోల్చాం. పదమూడు వేల అప్పున్న సభ్యురాలు కట్టింది 130, నగదు పుస్తకంలో నేను రాసింది 310. ఐదు నిమిషాల్లో దొరికింది. ఆ చిట్కా ప్రతిసారీ పనిచేయదు. ఒక వోచరు రాయడం మర్చిపోయినా తేడా తొమ్మిదితో పోవచ్చు. కానీ ముందు ఎక్కడ చూడాలో చెబుతుంది.

ఇక ఏ చిట్కాకూ చిక్కని తప్పు ఇంకోటి ఉంది. మనలో ఒకే పేరున్నవాళ్లు ఇద్దరున్నారు. ఆగస్టులో ఒకరు కట్టిన వెయ్యి వాయిదా రెండోవారి పేజీలో వేశాను. పెట్టె సరిపోయింది, మొత్తం అప్పు సరిపోయింది, నాలుగు నెలలు ఎవరికీ తెలియలేదు. డిసెంబరులో పాసుపుస్తకం పక్కన పెట్టి చదివితేనే బయటపడింది. అందుకే పాసుపుస్తకాలు తెమ్మని ప్రతి నెలా మీ ప్రాణం తీస్తున్నాను. అవి మీ ఇంట్లో ఉంటాయి, నా చేతిలో ఉండవు. నా తప్పును పట్టిచ్చే కాగితం అదొక్కటే. పంచసూత్రాల్లో ఐదోదిగా పుస్తకాల నిర్వహణ అని అందరం చదువుతాం కానీ, సంఘం పుస్తకమొక్కటే అనుకుంటాం. ఆ ఇద్దరి పేర్ల పక్కన ఇప్పుడు సభ్యత్వం నంబరు కూడా రాస్తున్నాను.

ఇప్పుడు అందరూ ఎదురుచూసే మిగులు సంగతి. వడ్డీ, బ్యాంకు వడ్డీ, ఫైన్లు కలిపి రాబడి 10,900. ఖర్చులు 900 పోగా 10,000. ఇందులో రావాల్సిన వడ్డీ ఒక్క రూపాయి కూడా కలపలేదు. ఒక సభ్యురాలి ఇంట్లో ఆపరేషన్ వచ్చి డిసెంబరు నుంచి నాలుగు నెలలు అసలూ కట్టలేదు, వడ్డీ కట్టలేదు. ఆమె బాకీ 6,000, నెలకు 60 చొప్పున వడ్డీ 240. దాన్ని రాబడిగా చూపితే కాగితం మీద మిగులు పెరుగుతుంది, పంచాల్సి వచ్చేది మాత్రం మన పొదుపులోంచే. ఆ 240 విడిగా రాసి ఉంచాను, వచ్చిన రోజు జమ చేస్తాను. బాకీ ఆలస్యమైనా ఇబ్బంది రాకుండా మిగులులో 1,000 నిధిగా ఆపాలని మార్చిలో తీర్మానించాం. పంచేది 9,000. బ్యాంకులో 17,800 ఉంది కాబట్టి ఇవ్వడానికి చేతిలో డబ్బూ ఉంది. మిగులు ఎంతున్నా అంతా అప్పుల్లో తిరుగుతుంటే పంచలేం కదా.

తొమ్మిది వేలు ఎలా పంచాలన్నదాని మీదే పెద్ద వాదన. "అందరం సమానమే, పన్నెండుతో భాగించండి" అని ఒకరన్నారు. అలా అయితే తలా 750. కానీ కొత్తగా చేరిన సభ్యురాలు ఆరు నెలల్లో పొదుపు చేసింది 1,200, దాని మీద ఆమెకు 750 వస్తుంది. ఆమే సిగ్గుపడింది. మార్చి నిల్వను బట్టి పంచినా న్యాయం కాదు. చివరి నెలలో వేసిన డబ్బుకూ ఏడాదంతా తిరిగిన డబ్బుకూ ఒకే విలువ వస్తుంది.

అందుకే రూపాయి-నెలల లెక్క తీసుకున్నాం. ప్రతి సభ్యురాలికి ప్రతి నెలాఖరున ఉన్న పొదుపు నిల్వను పన్నెండు నెలలకూ కూడడమే. క్రమం తప్పకుండా వేసిన మనిషికి ఏప్రిల్ నిల్వ 7,400, మార్చి నిల్వ 9,600. నెలకు సమానంగా 200 పెరుగుతుంది కాబట్టి ఈ రెంటి సగటు 8,500ని పన్నెండుతో హెచ్చిస్తే 1,02,000. ఇలాంటివాళ్లు పదిమంది. ఒకామె కూతురి పురుటికి వెళ్లి జూన్, జులై, ఆగస్టు పొదుపు సెప్టెంబరులో ఒకేసారి వేసింది. ఆ మూడు నెలల్లో ఆమె నిల్వ 200, 400, 600 తక్కువ కాబట్టి 1,02,000లో 1,200 తగ్గి 1,00,800. కొత్త సభ్యురాలికి 200, 400 నుంచి 1,200 దాకా ఆరు నెలలు కూడితే 4,200. అందరివీ కలిపి 11,25,000. దీనితో 9,000ని భాగిస్తే వెయ్యి రూపాయి-నెలలకు సరిగ్గా 8 రూపాయలు పడింది.

కాబట్టి పదిమందికి తలా 816. పురుటికి వెళ్లిన అక్కకు 806.40, కొత్తామెకు 33.60. చిల్లర సర్దితే 806, 34. మొత్తం 9,000.

"మూడు నెలలకూ పదేసి ఫైన్ కట్టాను కదా, మళ్లీ తగ్గించడమేంటి?" అని ఆ అక్క అడిగింది. ఫైన్ తేదీ దాటినందుకు, ఈ తగ్గింపు ఆ డబ్బు మూడు నెలలు సంఘంలో తిరగనందుకు. రెండూ వేర్వేరు అని చెప్పాక నవ్వి ఊరుకుంది. ఎక్కువ అప్పు తీసుకుని ఎక్కువ వడ్డీ కట్టినవాళ్లకు మిగులులో కొంత వేరే ఇవ్వాలని ఇంకొకరు అడిగారు. అది తప్పు మాటేం కాదు. కొన్ని సంఘాలు అలా పంచుకుంటాయి. కానీ ఏడాది అయిపోయాక నిబంధన మారిస్తే ఎవరికి లాభమో ముందే తెలిసిపోతుంది. కావాలంటే ఇప్పుడు తీర్మానం చేసి 2025-26కి పెట్టుకుందాం.

ఇంకొక్కటి. ఈ 9,000 ఇచ్చేది ఏప్రిల్‌లో కాబట్టి ఏప్రిల్ నగదు పుస్తకంలో పడుతుంది. దాన్ని "ఖర్చులు" కింద రాయను, "పోయినేటి మిగులు చెల్లింపు" అనే రాస్తాను. ఖర్చులో వేస్తే వచ్చే మార్చిలో మిగులు తొమ్మిది వేలు తక్కువ కనిపిస్తుంది, మళ్లీ నన్నే అడుగుతారు.

పంపకం ఈ నెల 10న మీటింగులో. డబ్బు చేతికి ఇచ్చే ముందు మీ పాసుపుస్తకంలో మార్చి పొదుపు నిల్వ, అప్పు నిల్వ చదివి వినిపిస్తాను, సరే అంటే సంతకం. పాసుపుస్తకం తేకపోతే మీ వాటా మే మీటింగు దాకా పెట్టెలోనే ఉంటుంది.